పెళ్లిరోజు ఉత్తరం

పాఠ్య నేపథ్యం

అనంతపురం నుండి గుత్తికి పోవు దారిలో గార్లదిన్నె ఉన్నది. ఆ మండలంలోనే, పెనకచర్ల వద్ద, పెన్నా నదిపై మధ్య పెన్నార్ జలాశయం కలదు. అయినను కాలువ నీరు అందని మెట్ట పొలాలకు వానయే ఆధారం. వాన తప్పిన ఏట రైతు అప్పు చేసి బోరు వేయించును. ఆ అప్పు తీర్చుటకు రాయలసీమ వాసులు పలువురు కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు పోయి పనిచేయుదురు. అట్టి ఒక భర్త ఇంటనున్న భార్యకు రాసినట్లు ఈ పాఠం కొరకు కూర్చిన లేఖ ఇది.

లేఖ

కువైట్,
మే 14.

చి॥ల॥సౌ॥ నా అర్ధాంగికి,

హ్యాపీ యానివర్సరీ! మన పెళ్లయి నేటికి పదేళ్లు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.

ఫోన్‌లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ నెల లీవు నేనే క్యాన్సిల్ చేసుకున్నాను. బోరు అప్పు తీరాలంటే ఇంకా కొన్ని నెలలు ఓవర్‌టైము చేయక తప్పదు. సారీ. కోపం వస్తే నాలుగు మాటలు అను, ఫోన్ మాత్రం కట్ చేయవద్దు.

షిఫ్టు అయ్యాక రూములో అందరూ టీవీ చూస్తారు. నేను పాప ఫోటో చూస్తుంటాను. నిన్ను చాలా మిస్ అవుతున్నాను. నువ్వు కట్టి ఇచ్చిన శెనక్కాయల పొడి అయిపోయింది. డబ్బా పారేయలేదు, మూత తీస్తే మన ఇంటి వాసన వస్తుంది.

వాన పడితే విత్తనం వేయించు, పడకుంటే తొందరపడవద్దు. అమ్మకు టైముకు మందులు ఇస్తున్నందుకు థాంక్స్. ఈ మాట నీ ఎదుట ఎప్పుడూ అనలేదు. దసరాకు తప్పక వస్తాను.

ఇట్లు,
నీ వాడు.

వివరణ

‘చి॥ల॥సౌ॥’ అనగా చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఇది పాతకాలపు ఉత్తరాల మర్యాద. దాని వెంటనే ‘హ్యాపీ యానివర్సరీ’ అనుట వింతగా తోచవచ్చును. కాని మొదటిది పెద్దలు నేర్పిన పద్ధతి, రెండవది ఈ దంపతుల చనువు. రెండును ఒకే ఆప్యాయతను తెలుపుచున్నవి.

ఆంగ్ల పదాలు ఎన్ని వచ్చినను వాక్యం తెలుగుదే. లీవు, షిఫ్టు, ఓవర్‌టైము అను పదాలు చివర ఉకారం చేర్చుకొని తెలుగు నామవాచకాలైనవి. రూములో, టైముకు అని విభక్తులను గ్రహించినవి. బోరు ఆంగ్ల పదమని గార్లదిన్నె రైతుకు తోచనే తోచదు.

ఆంగ్ల క్రియ తెలుగులో ఒంటరిగా నిలువదు. దానికి ‘చేయు’ గాని ‘అవు’ గాని తోడు కావలెను. ఈ తోడును బట్టి అర్థం మారును. ‘లీవు క్యాన్సిల్ అయింది’ అన్నచో చేసినవారెవరో తెలియదు. ‘క్యాన్సిల్ చేశారు’ అన్నచో తప్పు యజమానిపైకి పోవును. లేఖలోని భర్త ‘నేనే క్యాన్సిల్ చేసుకున్నాను’ అన్నాడు. ‘కొను’ చేరినందున ఆ పని తన నిర్ణయమని తెలియును. ‘అయింది’ అని రాసియుంటే భార్య కోపం ఇతరులపైకి మళ్లెడిది. అతడు ఆ చాటును కోరలేదు. ఈ ఉత్తరంలోని నిజాయితీ అంతయు ఆ ఒక్క క్రియలో ఉన్నది.

‘నిన్ను మిస్ అవుతున్నాను’ అను వాక్యం మరింత గమనింపదగినది. ‘బస్సు మిస్ అయింది’ అన్నప్పుడు వలె ‘అవు’ సాధారణంగా ద్వితీయా విభక్తిని కోరదు. ఇక్కడ మాత్రం ‘నిన్ను’ వచ్చినది. ఆంగ్ల వాక్యపు కర్మ తెలుగులోనికి నడచి వచ్చినదన్నమాట. అచ్చ తెలుగులో ‘నువ్వు గుర్తుకొస్తున్నావు’ అనియో, ‘నీ మీద బెంగగా ఉంది’ అనియో అందురు.

మరి అతడు తెలుగు మాటనే ఏల వాడలేదు? సారీ, థాంక్స్, మిస్ అను మూడును మనసులోని మాటలే. క్షమాపణ, కృతజ్ఞత అను పదాలు సభలకు తగినవి. ఇంటిలో భార్యతో అన్నచో బరువుగా వినిపించును. ఆంగ్ల పదం ఆ బరువును, బిడియాన్ని తగ్గించినది. అయితే పొడి డబ్బా గురించి, వాన గురించి, విత్తనం గురించి రాసినప్పుడు ఆంగ్లం అవసరమే రాలేదు. ‘మన ఇంటి వాసన’ అను మాటకు మరొక భాష తోడు అక్కరలేదు.

ప్రశ్నలు

1. ‘క్యాన్సిల్ అయింది’, ‘క్యాన్సిల్ చేసుకున్నాను’ – ఈ రెండింటి భేదమును వివరింపుము.
2. లేఖలోని ‘సారీ’, ‘థాంక్స్’ పదాలకు బదులు తెలుగు మాటలు వాడి, ఆ వాక్యాలను తిరిగి రాసి, వచ్చిన మార్పును తెలుపుము.
3. ఈ లేఖకు భార్య రాయు జవాబును పది వాక్యాలలో రాయుము.