కిటికీలోనుండి కనబడిన నవ్వు

(దంపతుల కొరకు పాఠము. చదువవలసిన భాగములు: ఆదికాండము 26:1-11, 2 సమూయేలు 6:12-23, ఆదికాండము 18:9-15)



దేశములో కరవు వచ్చినందున ఇస్సాకు రిబ్కాను వెంటబెట్టుకొని ఫిలిష్తీయుల గెరారునకు వెళ్లెను. రిబ్కా చక్కనిది. ఆమెకొరకు అక్కడివారు తన్ను చంపుదురేమో యని భయపడి, ఆమె తన సహోదరి యని అతడు చెప్పెను. ఆ అబద్ధము చాల దినములు నిలిచెను. తుదకు అది బయటపడిన విధమే వింత. ఎవరును చాడీ చెప్పలేదు, దాసదాసీలెవరును సాక్ష్యమియ్యలేదు. రాజైన అబీమెలెకు కిటికీలోనుండి చూడగా ఇస్సాకు తన భార్యతో సరసమాడుచుండెను. రాజునకు అది చాలెను. వెంటనే అతనిని పిలిపించి, ఈమె నీ భార్యయే గదా యని నిలదీసెను.

అన్నాచెల్లెండ్రును నవ్వుకొందురు గదా, రాజెట్లు గుర్తించెను? ఇందుకు వ్యాఖ్యానగ్రంథములు అక్కరలేదు. కళ్లము గట్టున ఇద్దరు కూర్చుండి నవ్వుచుండగా దారిన పోవువాడు వారు తోబుట్టువులో ఆలుమగలో చెప్పగలడు. మాటలు వినబడకపోయినను ఆ నవ్వు తెలియును.

మన బైబిలులో "సరసమాడుట" అని తర్జుమా చేయబడిన హెబ్రీ మాట "నవ్వుట" అను మాటనుండి పుట్టినది. ఇస్సాకు అను పేరునకు "అతడు నవ్వును" అని అర్థము. కాబట్టి హెబ్రీ భాషలో చదువువానికి ఆ వచనములో "నవ్వు" అనువాడు తన భార్యతో నవ్వుచున్నట్టు వినబడును. ఆ నవ్వు సుఖదినములలోనిది కాదని గమనించుడి. కరవు, పరదేశము, ప్రాణభయము వారిని చుట్టుకొనియుండెను. వారి కాపురమును కష్టమెరుగనిది కాదు. ఇస్సాకు 40 ఏండ్లవాడై రిబ్కాను పెండ్లిచేసికొనెను, పిల్లలు పుట్టునప్పటికి అతనికి 60 ఏండ్లు. గొడ్రాలన్న మాటతో ఇరువది ఏండ్లు గడపిన యిల్లది.

వేదములో మరియొక కిటికీ కలదు. దావీదు యెహోవా మందసమును పట్టణములోనికి తెచ్చుచు నాట్యమాడుచుండగా మీకాలు కిటికీలోనుండి చూచి, తన మనస్సులో అతనిని హీనపరచెను. అతడు తన యింటివారిని దీవించుటకు తిరిగి వచ్చుచుండగా ఆమె ఎదురు వెళ్లి, రాజు ఈ దినమున ఎంత ఘనముగా కనబడెనో యని ఎత్తిపొడిచెను. పైకి పొగడ్త, లోపల ముల్లు. దావీదు ఊరకుండక ఆమె తండ్రి సంగతి ఎత్తి మరియొక ముల్లు గ్రుచ్చెను. ఆ అధ్యాయమంతట ఆమె దావీదు భార్య అని పిలువబడదు. సౌలు కుమార్తె యనియే వ్రాయబడెను.

అయితే ఈ మీకాలే ఒకప్పుడు దావీదును ప్రేమించినది. ఆమె తండ్రి మనుష్యులు చంపవచ్చినప్పుడు కిటికీగుండ అతనిని దింపి బ్రదికించినది ఈమెయే (1 సమూయేలు 19:12). నడుమ ఏమి జరిగెను? అతడు పారిపోయెను, ఆమె మరియొకనికి ఇయ్యబడెను, పిమ్మట ఆ భర్త ఏడ్చుచు వెంబడింపగా మరల దావీదునొద్దకు తేబడెను. ఈ గాయములనుగూర్చి వారిద్దరు ఎన్నడైనను మాటలాడుకొనినట్లు వ్రాయబడలేదు. ఎగతాళి ఒక్క దినమున పుట్టునది కాదు. చెప్పుకొనని బాధ పులిసి ఎగతాళి యగును. ఇంటిలో ఎత్తిపొడుపులు ఎక్కువైనప్పుడు ఆ దినపు మాటను పట్టుకొని పోట్లాడుటకంటె, దాని క్రింద ఎన్నాళ్ల పాత సంగతి దాగియున్నదో అడుగుట మేలు.

ఇక శారా సంగతి. కుమారుడు కలుగునన్న మాట విని ఆమె గుడారములో తనలో తాను నవ్వుకొనెను. ఆ నవ్వులో తాను ముసలిదాననియు, తన యజమానుడును ముసలివాడనియు అనుకొనెను. (భార్యలకు బోధించునప్పుడు మనము తరచుగా ఎత్తు "యజమానుడు" అను మాట ఆమె నవ్వులోనుండి వచ్చినదే సుమా! బోధకులు దీనిని మరచుచుందురు.) తరువాత దేవుడు అబ్రాహాముతో మాటలాడుచు, శారా ఏల నవ్వెనని అడిగెను. 12వ వచనమును 13వ వచనముతో పోల్చి చూడుడి. తాను ముసలిదాననని శారా అనుకొన్న మాటను దేవుడు చెప్పెను. మగడు ముసలివాడన్న మాటను చెప్పలేదు. పూర్వపు యూదా బోధకులు దీనిని గమనించి, కాపురములో సమాధానము నిలుచుటకే దేవుడు ఆ సగము విడిచెనని వివరించిరి. ఆయన శారా నవ్వును దాచలేదు. ఆమె నవ్వలేదని బొంకినప్పుడు ఒప్పుకొననూ లేదు. కాని మగని మనస్సులో గ్రుచ్చుకొను ముక్కను మాత్రము మోసికొని పోలేదు.

నేనెరిగిన యొక దంపతుల సంగతి చెప్పుట మంచిది. వారిది నలువది రెండేండ్ల కాపురము, మిరపచేను వ్యవసాయము. పెండ్లియైన మొదటి యేట ఆవకాయ పెట్టు దినమున అత్తగారు కుమారునికి డబ్బులిచ్చి ఉప్పు తెమ్మని సంతకు పంపెను. మామిడికాయలు కోసి, ఆవపిండి కొట్టి సిద్ధముగా నుంచిరి. అతడు పొద్దుగూకి వచ్చెను. చేతిలో క్రొత్త పెండ్లాము కొరకు రెండు రిబ్బనులును ఒక అద్దమును ఉండెను, ఉప్పు లేదు. ఇరుగుపొరుగున బదులు తెచ్చి ఆ రాత్రి కాయ కలిపిరి. అత్తగారి తిట్లన్నియు కోడలికే. అవి సద్దుమణిగిన తరువాత వారిద్దరును నవ్వు ఆపుకొనలేక దుప్పటి నోట కుక్కుకొనిరట.

నాటినుండి అతడు ఎక్కడనుండి వచ్చినను ఆమె "ఏమయ్యా, ఉప్పు తెచ్చావా?" అని అడుగును. ఒక సంవత్సరము తెగులు వచ్చి పంట పోయెను. మిగిలిన కాయకు వచ్చిన ధర అప్పునకు చాలలేదు. అతడు వచ్చి అరుగుమీద మాటలేక కూలబడెను. ఆమె చెంబుతో నీళ్లిచ్చి కొంతసేపు ప్రక్కన కూర్చుండి, తరువాత మెల్లగా ఆ మాటే అడిగెను. "ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది అయ్యగారూ. అప్పు అట్లాగే ఉంది గాని, ఆ రాత్రి అన్నం తినగలిగాను" అని అతడు నాతో చెప్పెను. ఆమె రాగానే అడుగలేదు. ముందు నీళ్లిచ్చి, ప్రక్కన కూర్చుండెను. ఆ కొంతసేపు లేకున్నయెడల అదే మాట కొరడావలె తగిలియుండును.

ఒకమారు అది అట్లే తగిలెను. చిన్నకుమార్తె పెండ్లి కుదిరిన దినమున, వియ్యాలవారందరు భోజనమునకు కూర్చుండగా, ఆమె ఉత్సాహములో ఉప్పు కథ చెప్పెను. అందరును నవ్విరి. అతడును నవ్వెను, గాని మరల వడ్డించుకొనలేదు. తరువాత నాలుగు దినములు ముక్తసరిగా మాటలాడెను. ఇంటిలో ఆ కథకు "నామీది ప్రేమచేత నీవు ఉప్పు మరచితివి" అని అర్థము. వియ్యంకుల యెదుట దాని అర్థము "ఈయన చిన్న పనికిని తగడు" అని మారెను. మాట అదే, విన్నవారు వేరు. అతడు ఆ దినమున పెండ్లికూతురి తండ్రిగా నిలువవలసినవాడు.

అప్పుడు ఆమె "పరిహాసమే గదా, ఇంత కోపమా?" అనలేదు. ఆ మాట అనియుండిన, గాయపడిన వానిమీదనే నేరము మోపినట్లగును. "మన మాటను నలుగురిలో పెట్టాను, తప్పు నాదే" అనెను. అంతటితో ఉప్పు మాట ఎత్తుట మానుకొనెను. నెలలు గడచెను. ఆమె కంటి ఆపరేషనుకై ఆసుపత్రిలో నుండగా అతడు ఇంటినుండి గంజి కాచి తెచ్చెను. ఆమె ఒక గుక్క త్రాగి ముఖము అదోవిధముగా పెట్టెను. "ఉప్పు మరిచానే" అని అతడనెను. కంటికి కట్టున్నది, నవ్వవద్దని నర్సమ్మ కేకలు వేసినదట. అతడు నిజముగానే మరచెనో, కావలెనని మరచెనో నేటివరకు చెప్పలేదు.

ఎవరినిగూర్చిన పరిహాసమో, ఆ వ్యక్తియే దానిని తిరిగి చెప్పుకొనగలిగినయెడల అది ఇద్దరిదియును. ఒకరు చెప్పునప్పుడెల్ల రెండవవారు నేల చూచుచున్నయెడల అది ఒకరిదే; దానిని విడిచిపెట్టవలెను.

అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు పెండ్లియై 15 నుండి 35 ఏండ్లైన 87 జంటలను 13 సంవత్సరములపాటు పరిశీలించి, 2018లో ఫలితములు ప్రకటించిరి. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చుండబెట్టి, తమ నడుమ తగవుగా నున్న సంగతినే 15 నిమిషములు మాటలాడుకొనుమని, వారి ముఖములను స్వరములను చిత్రములో పట్టి చూచిరి. ఏండ్లు గడచినకొలది ఆ తగవు మాటలలోనే హాస్యమును ఆప్యాయతయు హెచ్చెను. తప్పులెంచుట, తన్ను తాను సమర్థించుకొనుట తగ్గెను. నవ్వువలననే కాపురములు నిలిచెనని దీనివలన రుజువు కాలేదు. ఏలయనగా పరిశీలింపబడినవి నిలిచిన కాపురములే. అయినను ముదిమిలో ఇల్లు చేదగుట తప్పదని తలంచువారు దీనిని గమనింపవలెను.

ఒక హెచ్చరిక. రాత్రి త్రాగి వచ్చి కొట్టినవాడు తెల్లవారి హాస్యమాడి భార్యను నవ్వించునప్పుడు, అది నేను చెప్పుచున్న నవ్వు కాదు. ఆమె భయముచేత పెదవులు కదల్చుచున్నది. నవ్వుచుండగానే హృదయమున దుఃఖముండవచ్చునని సామెతల గ్రంథము 14:13లో చదువుచున్నాము. అట్టి యింటికి సంఘపెద్దలు వెళ్లవలెను, ఆ సహోదరికి కాపుదల కల్పింపవలెను.

ఈ నెల కుటుంబప్రార్థనలో ఆదికాండము 27వ అధ్యాయమును దంపతులు కలిసి చదువుడి. గెరారులో నవ్విన ఆ యిద్దరే ఇందులో వృద్ధులు. మగనికి కన్నులు మందగించెను. భార్య చాటున నిలిచి అతని మాటలు వినుచున్నది. ఒకరికి ఒక కుమారుడు, మరియొకరికి మరియొక కుమారుడు. ఆ అధ్యాయములో ఇస్సాకు రిబ్కాతోను, రిబ్కా ఇస్సాకుతోను ఎన్ని మారులు మాటలాడిరో వ్రేళ్లమీద లెక్కించుడి. ఒక్క వచనము దొరకును. అది కడపటిది, అందును విసుగే యున్నది. గెరారు కిటికీకిని ఈ గుడారమునకును నడుమ ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయి యుండునో, దీపమార్పకముందు ఒకరినొకరు అడుగుకొనుడి.