అక్కకు 20 నెలలు, చెల్లెలికి 6 వారాలు

ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లకు నేను ఎడమ తుంటికి వైద్యం చేశాను. నా దగ్గరికి వచ్చేసరికి అక్కకు 20 నెలలు, కుంటుతూ నడుస్తోంది. చెల్లెలికి 6 వారాలు. ఇద్దరిదీ ఒకే జబ్బు. తుంటి గిన్నె లోతుగా పెరగక, తొడ ఎముక తల అందులో నిలవకపోవడం. వైద్యంలో మాత్రం పోలికే లేదు. పిల్లల వైద్యంలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం, మనవల్ని పెంచుతున్న పెద్దవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

1. పుట్టినప్పుడు చేసే పరీక్షతో ఆగిపోవద్దు. బార్లో పరీక్షలో తొడను దగ్గరికి తెచ్చి మెల్లగా వెనక్కి నొక్కితే వదులుగా ఉన్న తల జారుతుంది. ఆర్టొలానీ పరీక్షలో తొడను బయటికి తెరుస్తూ వేళ్లతో ఎత్తితే, జారిన తల గిన్నెలోకి ఎక్కడం చేతికి తెలుస్తుంది. ఊరికే టిక్కుమనే చప్పుడుకు చాలాసార్లు అర్థం ఉండదు. ఏడుస్తున్న బిడ్డకు ఈ పరీక్ష చేయకండి, కండరాలు బిగుసుకుని ఏమీ తెలియదు. గిన్నె లోతు తక్కువైనా తల ఇంకా జారకపోతే ఈ రెండింటికీ దొరకదు. అక్క తొలిచూలు ఆడపిల్ల, పైగా ఎదురుకాళ్లతో పుట్టింది. తుంటి బాగుందని కాగితం మీద రాసి పంపారు, స్కాన్ రాయలేదు.

2. ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డకూ, తోబుట్టువులకో తల్లిదండ్రులకో ఈ జబ్బు ఉన్న బిడ్డకూ పరీక్ష మామూలుగా ఉన్నా 6వ వారంలో అల్ట్రాసౌండ్ చేయించండి. అంతకు ముందు చేస్తే, దానంతటదే సర్దుకునే వదులుతనం కూడా జబ్బులా కనబడుతుంది. ఆర్టొలానీలో తల జారి ఎక్కుతుంటే మాత్రం ఆగకుండా వెంటనే పంపాలి. తొలి నెలల్లో తొడ ఎముక తల ఇంకా మృదులాస్థే, ఎక్స్‌రేలో కనబడదు. 4 నుంచి 6 నెలలు నిండాకే ఎక్స్‌రే పనికొస్తుంది. స్కాన్‌లో గ్రాఫ్ పద్ధతిలో కొలిచే ఆల్ఫా కోణం 60 డిగ్రీలు, ఆపైన ఉంటే గిన్నె బాగున్నట్టు. అక్క సంగతి తెలుసు గనుక చెల్లెలికి అడిగి చేయించుకున్నారు. ఎడమ వైపు 47 వచ్చింది.

3. 6 నెలల లోపు పావ్లిక్ పట్టీలే మొదటి వైద్యం, కానీ కట్టే చేయి తెలిసినదై ఉండాలి. ముందు పట్టీ తుంటిని 90 నుంచి 100 డిగ్రీలు మడుస్తుంది. వెనక పట్టీ కాళ్లు దగ్గరికి రాకుండా ఆపాలే తప్ప బయటికి లాగకూడదు. లాగితే తొడ ఎముక తలకు రక్తం అందక అది పాడవుతుంది, అన్నిటికన్నా నేను భయపడేది దానికే. మరీ ఎక్కువ మడిస్తే తొడ నరం నొక్కుకుపోయి, బిడ్డ ఆ మోకాలు చాచి తన్నడం మానేస్తుంది. తల్లికి ఈ ఒక్క గుర్తు తప్పకుండా చెబుతాను. అది కనబడితే ఆ రోజే రావాలి. తల పూర్తిగా బయట ఉన్న బిడ్డకు 3 వారాల్లో లోపలికి రాకపోతే పట్టీలు తీసేయాలి. ఇంకా ఉంచితే గిన్నె వెనక అంచు అరిగిపోతుంది.

చెల్లెలికి తల లోపలే ఉంది. ఇంట్లో విప్పకుండా తడిగుడ్డతో ఒళ్లు తుడిచారు. పెరిగేకొద్దీ మేమే పట్టీలు సర్దాం. 12వ వారం స్కాన్‌లో కోణం 62 వచ్చింది, తీసేశాం. 6 నెలలకూ నడక వచ్చాకా ఎక్స్‌రేలు తీశాం, రెండూ బాగున్నాయి.

4. 3 నెలలు దాటాక బార్లో, ఆర్టొలానీ చాలావరకు పనిచేయవు. అప్పుడు డయపర్ మార్చేటప్పుడు ఒక తొడ రెండోదానంత తెరుచుకోకపోవడమే గట్టి గుర్తు. తొడ మడతల తేడా ఒక్కటే చూసి కంగారు పడనక్కర్లేదు, బాగున్న పిల్లల్లోనూ ఉంటుంది. రెండు తుంట్లూ జారితే పోల్చడానికి బాగున్న వైపే ఉండదు. అలాంటి బిడ్డ అటూ ఇటూ ఊగుతూ, నడుం లోపలికి వంచి నడుస్తుంది. నొప్పి ఉండదు. అందుకే ఇంట్లోవాళ్లు ఆగిపోతారు. అక్క విషయంలోనూ 'ఇప్పుడిప్పుడే అడుగులేస్తోంది కదా' అని కొన్ని నెలలు గడిపారు.

5. 6 నుంచి 18 నెలల మధ్య సాధారణంగా మత్తు ఇచ్చి, కోయకుండా తలను గిన్నెలో కూర్చోబెట్టి, నడుం నుంచి కాళ్ల దాకా సుమారు 3 నెలలు పిండికట్టు వేస్తాం. లోపల ఏదైనా అడ్డుపడితే కోయక తప్పదు. అక్క ఆ వయసు దాటింది. కోసి, బిగుసుకున్న కీలు తిత్తిని తెరిచి, తల కూర్చోబెట్టాం. ఆ వయసులో గిన్నె తనంతట తాను లోతు పెంచుకుంటుందని నమ్మలేం గనుక కటి ఎముకను కోసి గిన్నెను తల మీదికి వంచే సాల్టర్ శస్త్రచికిత్స కూడా చేశాం. తర్వాత పిండికట్టు. మూడేళ్లు దాటి వస్తే తరచూ తొడ ఎముకను కొంత కుదించాల్సి ఉంటుంది, లేకపోతే ఒత్తిడికి తల పాడవుతుంది. అక్క ఇప్పుడు బాగా నడుస్తోంది, కానీ ఎముకల ఎదుగుదల ఆగేదాకా ఎక్స్‌రేలకు వస్తూనే ఉండాలి.

6. స్నానం చేయించాక బిడ్డ కాళ్లు చాపి, జోడించి బిగించి చుట్టవద్దు. గుడ్డను ఛాతీ దగ్గర బిగించుకోవచ్చు, తుంటి దగ్గర కాళ్లు మడిచి తెరుచుకునేంత వదులు ఉంచండి. మెడ నిలిచాక చంకనెత్తుకోండి. నడుముకు అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చున్నప్పుడు తొడ ఎముక తల గిన్నె మధ్యలో ఉంటుంది.