అతకాలా, మళ్లీ గీయాలా?

పొదిలిలో ఓ ఫ్లెక్సీ షాపులో మీరు డిజైనింగ్ చేస్తున్నారనుకోండి. విత్తనాలు, పురుగుమందుల కొట్టాయన వచ్చి ఫోన్ చూపిస్తాడు. "తమ్ముడూ, పోయినేడాది ఫ్లెక్సీయే. పేరులో 'ట్రేడర్స్' తీసి 'సీడ్స్' పెట్టు. మూలనున్న మిరపకాయల గుర్తు కొంచెం నీటుగా చెయ్యి. సాయంత్రానికి కావాలి" అంటాడు. ఆయన దగ్గరున్నది వేలాడుతున్న పాత ఫ్లెక్సీని ఫోన్‌తో తీసిన ఫోటో, అదీ వాట్సాప్‌లో వచ్చింది.

చెయ్యి వెంటనే క్లోన్ స్టాంప్ మీదకు పోతుంది. దాన్ని ఆపి ముందు ఒక లెక్క వేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. కొత్త ఫ్లెక్సీ 8 అడుగుల పొడవు, అంటే 96 అంగుళాలు. అంగుళానికి 17 పిక్సెళ్లయినా రావు. ఒక్కో పిక్సెల్ అచ్చులో మిల్లీమీటరున్నర గడి అవుతుంది. జేపెగ్ బొమ్మను 8 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి దాస్తుంది కనుక, ఆ చదరం ఫ్లెక్సీ మీద దాదాపు అరంగుళం ఉంటుంది. మీరు ఎంత నేర్పుగా అతికినా ఆ అరంగుళం మరకల్నే తెచ్చి ఇంకోచోట అతుకుతున్నారు.

ఎర్ర మిరపకాయకు ఇంకో గండం ఉంది. జేపెగ్ సాధారణంగా వెలుగునీడల్ని పూర్తి వివరంగా ఉంచి, రంగును అడ్డంగానూ నిలువుగానూ అందులో సగం వివరంతోనే ఉంచుతుంది. అందుకే ఆకుపచ్చ మీద ఎరుపు ఉన్నచోట అంచు అలుక్కుపోతుంది. షార్పెన్ నొక్కితే ఆ అలుకుడు చుట్టూ తెల్లని గీత తేలుతుంది తప్ప, పోయిన అంచు తిరిగిరాదు.

కాబట్టి మిమ్మల్ని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ ముక్క గీస్తే పుట్టిందా, కెమెరాలో పుట్టిందా? అక్షరం, గుర్తు, బోర్డరు గీస్తే పుట్టినవి. వాటికి ప్రాణం అంచులో ఉంది. అంచు చెడితే మళ్లీ గీయాలి. చర్మం, చీర, ఆకాశం, పొలం కెమెరాలో పుట్టినవి. వాటిని అతకవచ్చు, కాస్త మసక ఉన్నా కన్ను క్షమిస్తుంది.

ఫోన్ నంబరులో ఒక అంకె మార్చాలంటే? కావాల్సిన అంకె అదే వరుసలో ఉండి, వెనక ఒకే రంగు ఉండి, అదే సైజులో ఫ్లెక్సీ వేస్తుంటే అతుకు సరిపోతుంది. ఫోటో పక్కనుంచి తీసినదైతే ఎడమ చివర 7 చిన్నగా, కుడి చివర 7 పెద్దగా ఉంటుంది, అతకదు. 'ట్రేడర్స్' సంగతి అసలే వేరు. 'సీడ్స్' పొట్టి మాట, మిగతా పేరంతా జరగాలి. వత్తులు, గుడులు కిందకీ పైకీ చొచ్చుకుపోయి వెనకున్న బొమ్మను కప్పుతాయి. అక్షరాలు తీసేశాక ఆ బొమ్మనూ నింపాలి. మొత్తం వరుస కొత్తగా టైపు చేయడమే త్వరగా తెమిలే పని.

మిరపకాయల గుర్తును గీయడం కూడా భయపడేంత పని కాదు. వంకర ఫోటోను ముందు సరిచేసి, కింది లేయరులో సగం మసకగా పెట్టి లాక్ చేయండి. పైన పెన్ టూల్‌తో వంపు తిరిగేచోట మాత్రమే నోడ్ పెట్టండి. కొన, నడుం వంపు, భుజం, తొడిమ... కాయకు పది నోడ్లు దాటితే వంపు ఎగుడుదిగుడు అవుతోందని గుర్తు. ఆటో ట్రేస్‌ను ఇక్కడ నమ్మకండి. అది కాయను కాదు, చెడిన చదరాల మెట్లను గీస్తుంది, వందల నోడ్లతో. గీశాక కింది లేయరు ఆపేసి చూడండి. అనుమానముంటే ఒక అడుగు ముక్క అసలు సైజులో అచ్చు తీసి నాలుగడుగుల దూరం నుంచి చూడండి.

ఒక్కచోట మాత్రం గీయడానికి పూనుకోవద్దు. పెద్దకర్మ ఫ్లెక్సీకి తెచ్చే పాత ఫోటోలో మనిషి ముఖం. చెంప మీద గీతలు, మడత మరకలు హీలింగ్ బ్రష్‌తో పోతాయి. కన్నో పెదవో చెరిగిపోతే, మీరు గీసింది ఎంత అందంగా ఉన్నా ఇంటివాళ్లకు ఆయన కాకుండా పోతాడు. ఇంకో ఫోటో ఉందేమో అడగండి. ఓటరు కార్డైనా, పెళ్లి ఆల్బంలో వెనక వరుసైనా సరే.

నిర్ణయం పని మొదలయ్యే ముందే జరగాలి, ధర కూడా అప్పుడే చెప్పాలి. "అన్నా, పేరూ గుర్తూ కొత్తగా చేయాలి, ఒక గంట పడుతుంది, ఇంత అవుతుంది. వచ్చే ఏడాది మళ్లీ ఈ ఖర్చుండదు" అనండి. ఆ మాట నిలబడాలంటే ఫైల్ రెండు రకాలుగా దాచండి. ఒకటి అక్షరాలు మార్చుకునేలా, ఇంకోటి కర్వ్స్‌గా మార్చి. అనూ ఫాంట్లతో టైపు చేసింది ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పేరంతా అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా మారుతుంది. కర్వ్స్ చేసిన ఫైల్ మాత్రం ఒంగోలు ప్రెస్సులోనైనా చెక్కుచెదరకుండా తెరుచుకుంటుంది.