మచ్చు చూపకుండా డాష్‌బోర్డు వదలొద్దు

డిగ్రీ చివరి ఏడాది పరీక్షలు అవగానే గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు ఇళ్లలో ఇప్పుడు ఒకటే మాట: పిల్లవాడిని అమీర్‌పేట పంపి పవర్ బీఐ నేర్పిస్తే డేటా ఉద్యోగం వస్తుందని. నలభై అయిదు రోజుల కోర్సు, ఒక ‘లైవ్ ప్రాజెక్టు’, చివర్లో రంగురంగుల చార్టులున్న ఒక ఫైలు. ఆ ఫైలు చూసి తల్లిదండ్రులు మురిసిపోతారు. ఇంటర్వ్యూ చేసేవాడు మాత్రం దాన్ని అర నిమిషం చూసి పక్కన పెడతాడు, ఎందుకంటే అలాంటివే ఆ రోజు ఇరవై చూసి ఉంటాడు. చార్టు గీయడం వారంలో వచ్చే పని. జీతం ఇచ్చేది దాని తర్వాతి పనికి. వందమంది రోజూ చూసి నిర్ణయాలు తీసుకునే డాష్‌బోర్డులో రేపు ఒక లెక్క మార్చాల్సి వస్తే, ఎవరికీ తప్పు అంకె కనపడకుండా ఎలా మారుస్తారన్నదే అసలు ప్రశ్న. దీన్ని కోర్సులు నేర్పవు, అమ్మానాన్నలు అడగరు. నా వాదన ఒక్కటే: డబ్బూ కాలమూ పెట్టదలచుకుంటే ఈ రెండో పని మీద పెట్టండి.

మన ఊరి సరుకుతోనే చూద్దాం. 2024–25 సీజనులో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఒక విద్యార్థి యార్డు ధరల డాష్‌బోర్డు చేసి, సగటు ధర ఆ 11,781 గీతకు కిందుందా పైనుందా చూపిస్తున్నాడనుకోండి. లెక్క కోసం ఊహించిన అంకెలు ఇవి: ఒక రోజు మంచి కాయ 300 క్వింటాళ్లు 13,000 చొప్పున, తాలు కాయ 100 క్వింటాళ్లు 6,000 చొప్పున అమ్ముడయ్యాయి. పట్టికలో ఉన్న రెండు ధరలనూ కూడి రెండుతో భాగిస్తే 9,500. వచ్చిన సరుకును బట్టి లెక్కిస్తే 11,250. తాలు తీసేస్తే 13,000. ఒకే రోజు, ఒకే యార్డు, మూడు జవాబులు. వాటిలో రెండు గీతకు కింద, ఒకటి పైన. మొదటిది నేరుగా తప్పు. దాన్ని ఇలా సరిచేయాలి:

```
Avg Price =
DIVIDE(
    SUMX(Rates, Rates[Modal_Price] * Rates[Arrivals]),
    SUM(Rates[Arrivals])
)
```

తాలు కలపాలా వద్దా అన్నది మాత్రం సాఫ్ట్‌వేర్ తేల్చదు. ఆ అంకెను ఎవరు దేనికి వాడతారో కనుక్కుని, యార్డు సంగతి తెలిసినవాళ్లను అడిగి తేల్చాలి. మార్పు నాలుగైదు పంక్తులే. కానీ నిన్న 9,500 చూసి సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టినవాడికి ఈ రోజు హఠాత్తుగా 11,250 కనపడితే, అంకె సరైనదే అయినా వాడికి డాష్‌బోర్డు మీద నమ్మకం పోతుంది. అందుకే మార్పును నేరుగా వదలకూడదు.

పెద్ద సంస్థల్లో దీనికి మూడు గదులుంటాయి: తయారుచేసే డెవలప్‌మెంట్, పరీక్షించే టెస్ట్, జనం చూసే ప్రొడక్షన్. పవర్ బీఐలో ఇవి మూడు వర్క్‌స్పేస్‌లు; వాటిని కలిపేది డిప్లాయ్‌మెంట్ పైప్‌లైన్. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. పైప్‌లైన్ ఒక గది నుంచి ఇంకో గదికి తీసుకెళ్లేది డేటా నమూనాను, రిపోర్టును, లెక్కల నిర్వచనాలను మాత్రమే, డేటాను కాదు. టెస్ట్ గదికి పంపిన నమూనా ఇంకా డెవలప్‌మెంట్ డేటాబేస్‌నే చూస్తూ ఉండొచ్చు. ‘ఈ గదిలో ఈ మూలం నుంచి చదువు’ అని డిప్లాయ్‌మెంట్ రూల్ పెట్టాలి. ఆ రూల్ కూడా పెట్టిన క్షణం నుంచి కాదు, మళ్లీ ఒకసారి పంపినప్పుడే అమల్లోకి వస్తుంది. ఆ తర్వాత రిఫ్రెష్ చేయాలి. రూల్ పెట్టకుండా టెస్ట్‌లో అంకెలు సరిపోయాయంటే, డెవలప్‌మెంట్‌లోని వంద వరుసల మచ్చు డేటాతో సరిపోయాయన్న మాట. మచ్చు ఒక బస్తాలోంచి తీసి ఇంకో బస్తాకు ధర కట్టినట్టు.

ఇంతకంటే సూక్ష్మమైన ప్రమాదం ఇంకొకటుంది. సాధారణంగా జనం చూసేది వర్క్‌స్పేస్‌ను కాదు, దాని నుంచి ప్రచురించిన యాప్‌ను. ప్రొడక్షన్‌కు కొత్త రిపోర్టు పంపినా, యాప్‌ను విడిగా అప్‌డేట్ చేసేవరకూ వాళ్లకు పాత రిపోర్టే కనపడుతుంది. కానీ దాని కిందున్న డేటా నమూనా అలా ఆగదు. అందులో మార్పు వెంటనే అమలవుతుంది. అంటే కొంతసేపు పాత రిపోర్టు కొత్త నమూనా మీద నడుస్తుంది. ఆ కొత్త నమూనాలో మీరు `Avg Price` పేరును `Weighted Price` అని మార్చి ఉంటే, పాత రిపోర్టు పాత పేరు వెతుక్కుని దొరక్క బొమ్మల స్థానంలో ఎర్రర్ చూపిస్తుంది. యార్డులో వేలం నడుస్తున్న పొద్దున ఇది జరిగితే ఫోన్లు మోగుతాయి. నివారణ సులువే. మొదటి విడతలో పాత లెక్కను ఉంచి పక్కన కొత్తది చేర్చండి. రిపోర్టును కొత్తదానికి మార్చి యాప్‌ను అప్‌డేట్ చేయండి. పాతదాన్ని ఎవరూ వాడడం లేదని తేలాక తర్వాతి విడతలో తీసేయండి. ఒక పేరు మార్చడానికి రెండు విడతలా అని విసుక్కునే వాడికి ఈ ఉద్యోగం పనికిరాదు.

జనం చూడకముందు చేయాల్సిన తనిఖీలు చాలా ఉండొచ్చు గానీ నేను మూడింటి మీద పట్టుబడతాను. ఒకటి, తెలిసిన ఒక పాత తేదీని తీసుకుని సరుకు మొత్తాన్నీ సగటునూ చేత్తో లెక్కగట్టి, పాత రిపోర్టుతోనూ కొత్తదానితోనూ పోల్చడం. తేడా వస్తే అది కావాలని చేసిన మార్పువల్లేనా అని రాసుకోవడం. రెండు, ఖాళీ రోజుల సంగతి. గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు, ఎండాకాలంలోనూ కొన్ని వారాలు మూస్తారు. ఆ రోజుల్లో రాబడి సున్నా కావడం సహజం. సెలవు కాని మంగళవారం సున్నా అయితే డేటా తెగిందని అనుమానించాలి. ఈ రెంటినీ వేరు చేసే సెలవుల పట్టిక లేకపోతే డాష్‌బోర్డు లేని గండానికి గంట కొడుతుంది, ఉన్న గండాన్ని దాచిపెడుతుంది. మూడు, ఎవరికి ఏది కనపడాలన్నది. ఒక వ్యాపారి వరుసలు ఇంకొకరికి కనపడకుండా రోల్స్ పెడతాం. ఆ రోల్స్ నిర్వచనం పైప్‌లైన్‌తో వెళ్తుంది, వాటిలో ఎవరెవరున్నారన్న జాబితా వెళ్లదు. పైగా వర్క్‌స్పేస్‌లో మార్పులు చేసే హక్కున్నవారికి ఈ అడ్డు వర్తించదు. కాబట్టి తయారుచేసినవాడు తన లాగిన్‌తో చూసి అంతా బాగుందంటే అది తనిఖీ కాదు. ఆ రోల్‌గా మారి చూడాలి.

ఇన్ని చేసినా తప్పు జారుతుంది. అప్పుడు కావాల్సింది చరిత్ర. `Mirchi_final_2_new.pbix` అన్న పేరు చరిత్ర కాదు. ఆ ఫైలు మూసిన పెట్టె లాంటిది, రెండింటి మధ్య ఏ పంక్తి మారిందో పోల్చి చూడలేం. అదే పనిని ప్రాజెక్టు రూపంలో, అంటే PBIPగా సేవ్ చేస్తే నమూనా, రిపోర్టు విడివిడి టెక్స్ట్ ఫైళ్లవుతాయి. వాటిని గిట్‌లో పెడితే `git log -p` ఆ భాగించే పంక్తి ఎప్పుడు మారిందో చూపిస్తుంది. ఎందుకు మారిందో మాత్రం మీరు రాసిన వివరమే చెప్పాలి. ‘అప్‌డేట్’ అని రాసిన వాడు ఆరు నెలల తర్వాత తనకే జవాబు చెప్పుకోలేడు. ‘సగటును సరుకు బరువుతో లెక్కించాం, తాలు కలిపే ఉంది’ అని రాసినవాడు చెప్పుకోగలడు. తప్పు దొరికినప్పుడు `git revert` చేసి, మళ్లీ అదే మూడు గదుల మీదుగా పంపాలి. కంగారులో ప్రొడక్షన్‌లోనే దిద్దితే, తర్వాతి విడత ఆ దిద్దుబాటును తుడిచేస్తుంది, పాత తప్పు తిరిగొస్తుంది. ఇంకో పరిమితి కూడా గుర్తుండాలి: గిట్ నిర్వచనాలనే వెనక్కి తెస్తుంది, చెడిపోయిన డేటాను కాదు.

‘కొత్తగా చేరినవాడికి ప్రొడక్షన్ తాళం ఎవరిస్తారు?’ అని కొందరడుగుతారు. ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కానీ టెస్ట్ గదిలో అంకెలు పోల్చే పని కొత్తవాడికే పడుతుంది. ఆ పని తెలిసినవాడికే తర్వాత తాళం దక్కుతుంది. ‘చిన్న సంస్థల్లో పైప్‌లైన్లే లేవు, పబ్లిష్ నొక్కేస్తారు’ అన్నది ఇంకా బలమైన అభ్యంతరం, నిజం కూడా. పైప్‌లైన్ సౌకర్యం మామూలు ప్రో లైసెన్సుతో రాదు, అంతకంటే ఖరీదైనది కావాలి. అయితే క్రమశిక్షణకు ఆ లైసెన్సు అక్కర్లేదు. రెండు వర్క్‌స్పేస్‌లు, గిట్‌లో ఒక ఫోల్డరు, ఒక తనిఖీ కాగితం, నొక్కే ముందు చూసే రెండో మనిషి. అరవై బస్తాల ఎగుమతిదారు కార్యాలయంలోనైనా ఇది నడుస్తుంది.

అర్హత సంగతి ఒక్క మాటలో: ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు, ఎక్సెల్, కొంత ఎస్‌క్యూఎల్ రావాలి. బీకాం, అగ్రికల్చర్ చదివినవాళ్లను నేను ఇంజినీర్లకంటే ముందు ఈ దారికి పంపుతాను, ఎందుకంటే తాలు కాయను సగటులో కలపొచ్చా అన్న అనుమానం వాళ్లకే ముందు వస్తుంది.

ఖర్చు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. విండోస్ కంప్యూటర్ ఉంటే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితం, గిట్ ఉచితం, మైక్రోసాఫ్ట్ పాఠాలు ఉచితం, యార్డుల రోజువారీ ధరలు అగ్‌మార్క్‌నెట్‌లో అందరికీ కనపడతాయి. వీటినే పేర్లు మార్చి అమ్మే కోర్సుకు మిర్చి అమ్మిన డబ్బు కట్టేముందు, సంస్థను ఒక్కటడగండి: మా పిల్లవాడు చేసిన డాష్‌బోర్డులో మీరు తప్పు పెట్టి, వాడితో వెనక్కి తిప్పిస్తారా? తడుముకుంటే లేచి వచ్చేయండి. ‘ఉద్యోగం గ్యారంటీ’ అని ఫీజు పెంచేవాళ్ల దగ్గర కూర్చోనే వద్దు. పీఎల్‑300 సర్టిఫికెట్ మంచిదే. కానీ అది ఏడాదికోసారి ఉచితంగా పునరుద్ధరించుకోవాల్సిన కాగితం, దానికోసం అప్పు చేయడం తెలివి కాదు. ఇక ‘పక్కింటి అబ్బాయికి మూడు నెలల్లో వచ్చింది, నీకెందుకు రాలేదు’ అనే పోరు. ఆ పోరే పిల్లల్ని తనిఖీ మాని తొందరగా బొమ్మ చూపించేలా తయారుచేస్తుంది; ఈ వృత్తిలో దానికంటే చెడ్డ అలవాటు లేదు. మూడు నెలలు ఒక్క డాష్‌బోర్డు మీదే ఉండనివ్వండి. అందులో ఇరవై మార్పులు, ప్రతి మార్పుకూ ఎందుకో రాసిన వాక్యం, ఒక్కసారైనా తప్పు వదిలి వెనక్కి తీసుకున్న ఆనవాలు ఉండాలి. ఇంటర్వ్యూలో తెరవాల్సింది ఆ చరిత్రనే. బస్తాలోంచి పిడికెడు కాయ తీసి బల్ల మీద పోసినట్టు, అడిగినవాడికి సరుకు అక్కడే కనపడుతుంది.