విప్పి చూడనక్కర్లేని పొట్లం

మున్సిపాలిటీ పారిశుద్ధ్య విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో చెత్త సంగతి చూసేది నేనే. కొత్తగా కాపురాలు పెట్టిన అమ్మాయిలకూ, పసిపిల్లల తల్లులకూ, మంచాన ఉన్న పెద్దవాళ్లకు సేవ చేసేవాళ్లకూ వాడిన ప్యాడ్లు, డైపర్లు ఎలా పారేయాలో నేను చెప్పే మాటలివి.

1. లోపల ఏముందో పైనే తెలియాలి.

చెత్త బండి దగ్గర పనిచేసేవాళ్లు పొడి చెత్తలోంచి సీసాలు, అట్టలు ఏరుకుంటారు. మనం ముడేసిన నల్ల కవరులో ఏముందో వాళ్లకు తెలియదు. విప్పితే వాడిన ప్యాడ్ చేతికి తగులుతుంది. కవరు ఎంత మందంగా ఉన్నా ఈ బాధ తప్పదు. పుణేలో చెత్త సేకరించేవాళ్ల సహకార సంఘం 'స్వచ్ఛ్' ఇంటింటినీ కోరింది ఒక్కటే: పాత పేపరులో చుట్టి, పైన ఎర్రచుక్క పెట్టండి. చుక్క చూడగానే విప్పకుండా పక్కన పెట్టేస్తారు. మా ఇంట్లో ఎర్ర స్కెచ్ పెన్ను, పేపరు ముక్కలు బాత్రూం అలమరలోనే ఉంటాయి. వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ చుట్టరు.

2. చుట్టడంలో బిగువు ఉండాలి.

ప్యాడ్‌ను వాడిన వైపు లోపలికి వచ్చేలా చుట్టి, కొత్త ప్యాడ్ మీద వచ్చిన కవరులో పెట్టాలి. తర్వాత సగం పేపరు మీద ఒక మూలన ఉంచి దొర్లిస్తూ, రెండు పక్కలూ లోపలికి మడిచి, కొసను మడతలో దోపాలి. డైపరైతే మలాన్ని ముందు టాయిలెట్‌లో దులిపేయాలి. ముందు భాగం నుంచి గట్టిగా చుట్టి, దాని అంటుపట్టీలతోనే బిగించాలి. దానికి పూర్తి పేపరు కావాలి. పెద్దవాళ్ల రాత్రి డైపరు బాగా బరువెక్కుతుంది కాబట్టి రెండు పేపర్లు వాడాలి. పొట్లాన్ని నడుమెత్తు నుంచి నేల మీద వదిలి చూడండి. ఊడకుండా, పేపరు మీదికి తడి రాకుండా ఉంటే సరిగ్గా చుట్టినట్టే.

3. కడిగి పారేయొద్దు.

కడిగితే శుభ్రమని చాలామంది అనుకుంటారు. ప్యాడ్‌లో నీటిని పీల్చి జెల్‌గా మారే పొడి ఉంటుంది. కడిగిన కొద్దీ అది ఉబ్బుతుంది, కొంత జారి కాలువలోకి పోతుంది. బరువెక్కిన ప్యాడ్‌కు పేపరు చినుగుతుంది. టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేసినా ఇదే కథ: పైపు మలుపులో ఉబ్బి అడ్డం పడుతుంది. దాన్ని బయటికి లాగాల్సింది మళ్లీ ఒక మనిషే.

4. పెరట్లో కాల్చొద్దు.

ప్యాడ్‌కైనా డైపరుకైనా పై పొర, అడుగు పొర ప్లాస్టిక్, మధ్యలో తడి. మామూలు మంటలో పూర్తిగా కాలక విషపు పొగ వస్తుంది. 800 డిగ్రీలు దాటిన వేడి, పొగను శుద్ధి చేసే ఏర్పాటు ఉన్న కొలిమిలోనే దీన్ని కాల్చాలి. గోడకు బిగించే చిన్న మిషన్లలో నల్లపొగ వస్తున్నా, సగం కాలిన ముక్కలు మిగులుతున్నా అది పనిచేయడం లేదని గుర్తు.

5. చివరిదాకా విడిగానే వెళ్లాలి.

మా దగ్గర మొదట్లో అందరి పొట్లాలూ ఒకే పెద్ద కవరులో వేసేవాళ్లం. ఒక ఇంట్లో మంచాన ఉన్న తాతగారి డైపర్ల బరువుకు అది మెట్ల మీదే చిరిగింది. కుక్కలు లాగేశాయి. ఆ తర్వాత మూత ఉన్న ఎర్ర డబ్బా పెట్టి, లోపల సంచి వేశాం. ముప్పావు వంతు నిండగానే మెడ పట్టి ముడేస్తాం. అంచుదాకా నింపితే చేత్తో అదమాల్సి వస్తుంది. తాతగారింటికి వేరే సంచి ఇచ్చి, ఒక చేత్తో ఎత్తగలిగినంతే నింపమన్నాం. ఆయన ఇన్సులిన్ సూదులు మాత్రం మూత బిగించిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా ఇస్తారు. సూది గుచ్చుకుంటే చేతి తొడుగు కాపాడదు. బండికి పక్కన గోతాం కట్టించి, సంచి అందులోనే పడేలా మాట్లాడుకున్నాం. అది మళ్లీ పొడి చెత్తలో కలిస్తే పైన చేసిందంతా వృథా.

6. నియమం తెలిస్తే గట్టిగా అడగొచ్చు.

2016 ఘనవ్యర్థాల నియమాలు ప్యాడ్లు, డైపర్లు కంపెనీ ఇచ్చే కవరులోనో, స్థానిక సంస్థ సూచించిన తగిన చుట్టులోనో చుట్టి పొడి చెత్త బుట్టలో వేయమన్నాయి. ఆ కవరును ప్యాకెట్‌తోపాటే కంపెనీ ఇవ్వాలనీ చెప్పాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాలు తడి, పొడి, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్తలతోపాటు ప్యాడ్లు, డైపర్లనూ విడిగా ఇవ్వమంటున్నాయి. కాబట్టి బండి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: దీనికి వేరే అర ఉందా? ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది? బండి మీది అబ్బాయికి జవాబు తెలియకపోతే అతణ్ణి నిలదీయకండి. వార్డు కార్యాలయంలో అడగండి; అర కట్టించాల్సింది వాళ్లే.