ఒకే లేఖ, వేర్వేరు హోదాలు

ప్రశ్న: మా ఉద్దానం ఊళ్లో కిడ్నీ పరీక్షల శిబిరానికి ఆర్డీఓ మొదలు ఆశా కార్యకర్తల దాకా ఒకే లేఖ రాయాలి. ఎవరి పేరు ముందు?
– పంచాయతీ కార్యదర్శి, కవిటి మండలం

జవాబు: పలాస ఆర్డీఓ గారిది ముందు. ఎంపీడీఓ, తహసీల్దారు, వైద్యాధికారి వేర్వేరు శాఖల వారు. వారిలో ఎవరు పెద్దో మీరు తేల్చకండి, హోదాలను అక్షర క్రమంలో రాయండి. ఆశాలను చివర్లో ‘తదితరులు’లో కలిపేయకండి. ఊరంతా తిరిగేది వాళ్లే. ‘గౌరవనీయులైన అధికారులకు, ఆశా కార్యకర్తలకు నమస్కారం’ చాలు.

అసలు చిక్కు పనుల దగ్గరే. ఆశాలకు మీరు నేరుగా పని చెప్పకూడదు. ‘శిబిరం గురించి చెప్పేందుకు ఆశాలను ఇంటింటికీ పంపవలసిందిగా వైద్యాధికారి గారికి మనవి’ అనండి. ఆర్డీఓకు ‘సమాచారం నిమిత్తం’. టెంటు, తాగునీరు మాత్రం మీ సిబ్బందికి పేరుపెట్టి, గడువుతో అప్పగించండి. ‘అందరూ సహకరించగలరు’ అని రాస్తే ఎవరి పనో ఎవరికీ తెలియదు.