జిడ్డు తలకు వారానికి ఎన్ని తలస్నానాలు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. రోజూ గజపతినగరం నుంచి విజయనగరం వెళ్లి బట్టల షాపులో పని చేస్తాను. తలస్నానం చేసిన మర్నాటి సాయంత్రానికే మాడు జిడ్డోడుతోంది, దురద కూడా. రోజూ తల తడిపితే జుట్టు ఊడిపోతుందని, జిడ్డు ఇంకా ఊరుతుందని అమ్మ శనివారం తప్ప పోసుకోనివ్వదు. ముందురోజు రాత్రి కొబ్బరినూనె పట్టిస్తుంది. షాపులో తోటి అమ్మాయేమో రోజూ షాంపూ చేసుకోమంటుంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, గజపతినగరం

జవాబు: ఈ వానాకాలంలో మీకు వారానికి ఒకసారి చాలదమ్మా. రోజూ అక్కర్లేకపోవచ్చు కూడా. మాడు మీద జిడ్డు ఊరించేవి చర్మంలోని నూనె గ్రంథులు. వాటిని నడిపించేవి హార్మోన్లు. మీరు తల ఎన్నిసార్లు కడిగారన్న లెక్క వాటికి తెలియదు కాబట్టి, కడిగితే జిడ్డు పెరుగుతుందన్న మాట నిజం కాదు. ఊడే జుట్టు సంగతికొస్తే, ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 దాకా వెంట్రుకలు రాలుతూనే ఉంటాయి. వారం రోజులు తల ముట్టుకోకపోతే, రాలాల్సినవి జడలోనే చిక్కుకుని, శనివారం అన్నీ ఒక్కసారే చేతికొస్తాయి. అది చూసే అమ్మగారు బెదిరిపోతున్నారు.

మన తీరంలో వానాకాలం పొడవునా గాలి తేమగా ఉంటుంది. పట్టిన చెమట ఆరక, జిడ్డుతో కలిసి వెంట్రుకల మొదళ్లలోనే నిలుస్తుంది. మాడు మీద అందరికీ ఉండే ఒక ఫంగస్‌కు ఆ జిడ్డే తిండి. జిడ్డును అది విడగొట్టినప్పుడు వచ్చే ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు. మీ దురద చాలావరకు అందుకే. రాత్రంతా మాడుకు నూనె పెట్టి ఉంచడం దానికి ఇంకో విందు.

మీకు ఎన్ని రోజులకోసారి కావాలో మీ మాడునే అడగండి. ఆదివారం ఉదయం నూనె లేకుండా తలస్నానం చేయండి. సోమవారం రాత్రి పాపిట దగ్గర, నడినెత్తిన పల్చని టిష్యూ కాగితం కాసేపు అదిమి దీపం ముందు పట్టి చూడండి. చిన్న మచ్చలే ఉండి దురద లేకపోతే మంగళవారం ఉదయం పోసుకోవచ్చు. అంటే రోజు విడిచి రోజు. కాగితం పూర్తిగా తడిసినట్టై, దురదా మొదలైతే ఈ నెలల్లో రోజూ చేసినా తప్పులేదు, షాంపూ ఘాటుగా లేనిది అయితే. సంక్రాంతి చలిరోజుల్లో ఇదే పరీక్ష మళ్లీ చేస్తే వ్యవధి పెరగొచ్చు.

మాడు ఎండిపోవడానికి ఎన్నిసార్లు కడిగామన్నదాని కంటే ఎలా కడిగామన్నదే ఎక్కువ కారణం. చిన్న షాంపూ ప్యాకెట్‌ను పావు మగ్గు నీళ్లలో కలిపి, తల బాగా తడిపాక మాడుకు మాత్రమే వేళ్ల కొనలతో రాయండి, గోళ్లతో గీకొద్దు. జడకు విడిగా రుద్దక్కర్లేదు, జారే నురగ చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే మేలు. ఒంటి సబ్బు మాత్రం తలకు వద్దు. మన ఊళ్ల బోరునీళ్లలో అది తెల్లటి మడ్డిలా వెంట్రుకలకు పట్టేస్తుంది. అమ్మగారి కొబ్బరినూనెనూ మానక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు చెవుల కింది నుంచి చివర్ల దాకా రాయండి. కడిగేటప్పుడు వెంట్రుక అరిగిపోకుండా అది కాపాడుతుంది. తడి జడ అల్లుకుని బస్సెక్కొద్దు.

అతిగా కడుగుతున్నామని ఎలా తెలుస్తుంది? తల ఆరిన గంటా రెండు గంటల్లోనే మాడు బిగిసినట్టుండి, పొడిపొడిగా సన్నని తెల్లపొట్టు రాలుతుంది. అప్పుడు వ్యవధి ఒక రోజు పెంచండి. పసుపురంగు జిడ్డుపొట్టు అంటుకుని, తలస్నానం ఆలస్యమయ్యేకొద్దీ దురద పెరుగుతుంటే అది చుండ్రు. దానికి 2 శాతం కీటోకోనజోల్ షాంపూను వారానికి రెండుసార్లు, రాసి 3 నుంచి 5 నిమిషాలు ఉంచి, నాలుగు వారాలు వాడాలి. మిగతా రోజుల్లో మామూలు షాంపూ.

ప్రశ్న: మా ఇంట్లో కుంకుడుకాయలే. రోజు విడిచి రోజు వాడొచ్చా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: వాడొచ్చు. కానీ సహజమైనది కాబట్టి మెత్తనిదని అనుకోవద్దు. చిక్కటి రసం మాడును షాంపూకన్నా ఎక్కువే ఎండగట్టగలదు. పల్చగా చేసుకోండి, పిప్పితో రుద్దకండి, కంట్లో పడనివ్వకండి.

ఇద్దరికీ ఒక మాట. నాలుగు వారాలైనా దురద తగ్గకపోయినా, మాడు మీద చీము పొక్కులు, బట్టతల మచ్చలు కనిపించినా, ఆడపిల్లలకు జిడ్డుతోపాటు నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం ఉన్నా షాంపూలు మారుస్తూ కూర్చోకండి. చర్మవ్యాధుల డాక్టర్‌కు చూపించుకోండి.